మూడంతస్తుల ఇల్లు, రెండు ఫంక్షన్లు

మూడు స్లాబుల ఇల్లు ఒకటి అనుకుందాం. పక్క రోడ్డు మీద బరువైన లారీ పోయినా, గాలి ఉధృతంగా వీచినా, భూమి కాస్త అదిరినా ఆ ఇల్లు ఊగుతుంది. మన కంటికి కనిపించదంతే. అటూ ఇటూ ఒకే దిశలో ఊగే ఊపు వరకే తీసుకుంటే, ఆ ఇంటికి సొంతంగా మూడే తీర్లు ఉంటాయి. ప్రతి తీరుకీ ఒక వేగం, ఒక ఆకారం. ఎంత గందరగోళంగా ఊగినా అది ఈ మూడింటి కలగలుపే. భవనాల ఇంజినీర్లు ముందుగా వెతికేది వీటినే.

వెతకడం ఇప్పుడు ఒక్క లైను పని. స్తంభాల బిగువును ఒక మాత్రికగా రాసి, పైథాన్‌లోని నంపై చేతిలో పెడితే వేగాలూ ఆకారాలూ తిరిగొస్తాయి. లెక్కల భాషలో వేగాలకు సంబంధించినవి ఐగెన్ విలువలు, ఆకారాలు ఐగెన్ సదిశలు. అయితే ఈ పనికి నంపైలో `eig`, `eigh` అని రెండు ఫంక్షన్లున్నాయి. చివర ఒక్క అక్షరమే తేడా. ఏది ఎప్పుడు వాడాలో తెలియకపోయినా, వచ్చిన జవాబును నిలువుగా కాక అడ్డంగా చదివినా, తెర మీద ఎర్ర అక్షరాలేవీ రావు. చూడముచ్చటైన అంకెలే వస్తాయి. అవి వేరే ఇంటివి.

ముందు మన ఇంటిని మాత్రికగా రాద్దాం. బరువంతా స్లాబుల్లో ఉందనీ, స్తంభాలు వాటి మధ్య స్ప్రింగుల్లా పనిచేస్తాయనీ అనుకోవడం ఇక్కడ మామూలు పద్ధతి. కింది స్లాబును కింద నేలతో ఒక వరుస స్తంభాలు, పైన నడిమి స్లాబుతో ఇంకో వరుస స్తంభాలు పట్టి ఉంచుతాయి. రెండు పట్లు కాబట్టి దాని ఎదురుగా 2. నడిమి స్లాబుకూ రెండు పట్లే. పై స్లాబుకు కింద మాత్రమే పట్టు ఉంది కాబట్టి 1. ఇరుగుపొరుగు స్లాబుల మధ్య లాగుడుకు -1. పొరుగు కాని వాటి మధ్య సున్న.

```python
import numpy as np
K = np.array([[ 2., -1.,  0.],
              [-1.,  2., -1.],
              [ 0., -1.,  1.]])
w, V = np.linalg.eigh(K)
```

ఈ మాత్రికను కర్ణం మీదుగా మడిచినట్టు చూడండి. పైభాగం, కింది భాగం ఒకటే. ఇది యాదృచ్ఛికం కాదు. కింది స్లాబు నడిమి స్లాబును ఎంత బలంతో లాగుతుందో, నడిమి స్లాబు కింది స్లాబును అంతే బలంతో లాగుతుంది. న్యూటన్ మూడో సూత్రం మాత్రికలోకి వచ్చి కూర్చుంటే కనిపించే రూపమిది. ఇలాంటి వాటిని సౌష్ఠవ మాత్రికలంటారు. వాస్తవ సంఖ్యలతో రాసిన సౌష్ఠవ మాత్రికకు ఐగెన్ విలువలన్నీ వాస్తవ సంఖ్యలే అవుతాయని ఫ్రెంచి గణితవేత్త కోషీ 1829లో నిరూపించాడు. సంకీర్ణ సంఖ్యలున్న మాత్రికలకు ఆ మాటను విస్తరించినవాడు హెర్మీట్. `eigh` చివరి `h` అతని పేరులోదే. అంటే ఆ అక్షరానికి అర్థం ఇది: ‘ఈ మాత్రిక సౌష్ఠవమైనదని నేను మాటిస్తున్నాను’. మాటిచ్చేది రాసేవాడు. నంపై దాన్ని పరీక్షించదు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

పై లైన్లకు వచ్చే జవాబు, మూడు దశాంశాలకు సవరించి:

```
w = [0.198 1.555 3.247]

V = [[ 0.328  0.737  0.591]
     [ 0.591  0.328 -0.737]
     [ 0.737 -0.591  0.328]]
```

మీ కంప్యూటర్లో ఏదో ఒక నిలువు వరుస మొత్తానికి గుర్తులు తిరగబడి రావచ్చు. ప్లస్సులు మైనస్సులుగా, మైనస్సులు ప్లస్సులుగా. అది తప్పు కాదు. ఇల్లు కుడికి వంగినప్పుడు ఫొటో తీసినా, అర ఊపు ఆగి ఎడమకు వంగినప్పుడు తీసినా ఊగే తీరు ఒకటే.

`w`లో ఉన్నవి కోణీయ వేగాల వర్గాలు. వాటికి ప్రమాణాలు తగిలిద్దాం. ఒక్కో స్లాబు 20 టన్నులు, ఒక అంతస్తు స్తంభాలను 1 మిల్లీమీటరు పక్కకు జరపడానికి 20,000 న్యూటన్లు, అంటే సుమారు రెండు టన్నుల తోపు కావాలనుకుంటే, `w`లోని అంకెలను 1000తో హెచ్చించాలి. మొదటిది 198 అవుతుంది. దాని వర్గమూలం సెకనుకు దాదాపు 14.07 రేడియన్లు. ఒక పూర్తి ఊపుకు పట్టే కాలం 0.45 సెకను. రెండో తీరుకు 0.16, మూడో తీరుకు 0.11 సెకను.

ఇక ఆకారాలు. చాలామంది జారేది ఇక్కడే. `w[0]`కు జోడీ ఏది? `V[0]` అనిపిస్తుంది. పైథాన్ అలవాటు అలాంటిది. జాబితాల జాబితాలో మొదటిది అడిగితే మొదటి అడ్డు వరుస ఇస్తుంది. కానీ `w[0]`కు జోడీ మొదటి నిలువు వరుస, `V[:, 0]`. అక్కడున్న అంకెలు 0.328, 0.591, 0.737. కింది స్లాబు కొంచెం, నడిమిది ఇంకొంచెం, పైది అన్నిటికన్నా ఎక్కువ జరుగుతున్నాయి. చెట్టయినా ఇల్లయినా నెమ్మదిగా ఊగేటప్పుడు కొస ఎక్కువ కదులుతుందన్నది చూస్తూనే ఒప్పుకోగల మాట.

ఇప్పుడు పొరపాటున `V[0]` తీసుకున్నామనుకోండి. 0.328, 0.737, 0.591. ఇందులోనూ అన్నీ ధనాత్మకాలే. వర్గాలు కూడితే ఇక్కడా 1 వస్తుంది. ఎందుకంటే `eigh` ఇచ్చే నిలువు వరుసలు ఒకదానికొకటి లంబంగా, ఒక్కోటి 1 పొడవుతో ఉంటాయి. అలాంటి చదరపు మాత్రికకు అడ్డు వరుసలు కూడా తప్పనిసరిగా అలాగే ఉంటాయి. అందుకే ‘పొడవు 1 వచ్చింది, సరే’ అనుకునే పరీక్ష ఇక్కడ పనికిరాదు. తప్పు ఆకారం చెబుతున్నదేమిటంటే, నెమ్మది ఊపులో పై స్లాబు కన్నా నడిమి స్లాబే ఎక్కువ కదులుతుందని. ఇంజినీరు కన్ను పట్టేస్తుందేమో కానీ, అంకెల్ని తీసుకెళ్లి ఇంకో ప్రోగ్రాముకు అందించే చేతికి తెలియదు.

నిజానికి ఆ అడ్డు వరుసలో ఏముంది? కింది స్లాబు ఒక్కదాని వాటా ఉంది: మొదటి తీరులో 0.328, రెండో తీరులో 0.737, మూడో తీరులో 0.591. అడ్డు వరుస అంటే స్లాబు, నిలువు వరుస అంటే ఊగే తీరు. ఇంతే గుర్తు. పైగా నిలువు వరుసల గుర్తులు ఇష్టానుసారం తిరగబడొచ్చని చెప్పుకున్నాం కదా. నిలువు వరుస మొత్తం తిరగబడితే ఆకారం చెడదు. అడ్డంగా చదివితే మాత్రం ఒక అంకె తిరగబడి పక్కది నిలిచిపోతుంది. మీ కంప్యూటర్లో ఒక ఆకారం, స్నేహితుడి కంప్యూటర్లో ఇంకో ఆకారం వస్తున్నాయంటే ముందు అనుమానించాల్సింది అడ్డంగా చదవడాన్నే.

సందేహం తీరాలంటే నిర్వచనానికే వెళ్లాలి. మాత్రికతో హెచ్చిస్తే సదిశ దిక్కు మారకూడదు, `w` రెట్లు పెరగాలి, అంతే. తప్పు వరుసను K తో హెచ్చించి చూడండి. మొదటి స్థానంలో 2×0.328 − 0.737, అంటే −0.081 వస్తుంది. రావలసింది 0.198×0.328, అంటే 0.065. గుర్తే కలవలేదు. అన్ని నిలువు వరుసలనూ ఒకేసారి ఇలా పరీక్షించవచ్చు.

```python
np.allclose(K @ V, V * w)
```

`V * w` అంటే V లోని మొదటి నిలువు వరుసను `w[0]`తో, రెండోదాన్ని `w[1]`తో హెచ్చించడం. నంపై తన నియమం ప్రకారం అలాగే చేస్తుంది. ఇది `True` అనకపోతే ముందుకు వెళ్లకండి.

ఈ పొరపాటు ఇన్నేళ్లుగా బతికి ఉండటానికి పాఠాలు కూడా కొంత కారణమని నా అనుమానం. తరగతిలో ఇచ్చే ఉదాహరణ ఎక్కువగా `[[2, 1], [1, 2]]`. దానికి `eigh` ఇచ్చే V లో అంకెలు 0.707లే, ఒకటి మాత్రం −0.707, అదీ ఎడమ పై మూలలో. ఆ V కూడా సౌష్ఠవమే. అడ్డంగా చదివినా నిలువుగా చదివినా ఒకటే. తప్పు చదివిన విద్యార్థికీ సరైన జవాబే వస్తుంది, తప్పు అలవాటు స్థిరపడుతుంది. వరుసల సంగతి తేలాలంటే ఉదాహరణ కనీసం 3×3 ఉండాలి, అదీ చూసి ఎంచుకోవాలి. నేలకూ పైకప్పుకూ రెండు వైపులా కట్టిన మూడు పూసల దారం అనే ప్రసిద్ధ ఉదాహరణలో కూడా, గుర్తుల సంగతి పక్కన పెడితే, అడ్డూ నిలువూ ఒకటే అవుతాయి. మన ఇంటికి పై కొస స్వేచ్ఛగా ఉంది కాబట్టి తేడా బయటపడింది.

రెండో కారణం నంపైలోనే ఉంది. అక్కడే `svd` అనే ఇంకో ఫంక్షన్ మూడోదిగా ఇచ్చే మాత్రికలో సదిశలు అడ్డు వరుసలుగా ఉంటాయి. సైకిట్‌లెర్న్‌లోని `PCA` ఇచ్చే `components_` కూడా అంతే. వాటికి అలవాటు పడిన చేయి ఇక్కడా అడ్డంగానే పోతుంది. మ్యాట్‌ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ సదిశలు ముందు, విలువలు తర్వాత. ఇక్కడ విలువలే ముందు. నంపై 1.25 నుంచి జవాబులోని భాగాలను `.eigenvalues`, `.eigenvectors` అని పేరు పెట్టి పిలిచే వీలొచ్చింది. కనీసం ఆ తికమక తప్పుతుంది.

లూపు రాసేటప్పుడు జరిగేది కూడా ఈ కోవలోదే. `for lam, v in zip(w, V)` అని రాస్తే v గా వచ్చేది అడ్డు వరుస. చదవడానికి ఎంత హాయిగా ఉందో అంత తప్పు. `zip(w, V.T)` అని రాయాలి. ఆ `.T` అడ్డునూ నిలువునూ మారుస్తుంది.

ఇక `eig`. K నే దానికి ఇస్తే? అవే మూడు విలువలు వస్తాయి, కానీ ఏ వరుసలో వస్తాయో హామీ లేదు. `eigh` మాత్రం ఎప్పుడూ చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానికి వెళుతుంది. ‘మొదటి తీరు కావాలి’ అని `V[:, 0]` తీసుకునే ప్రోగ్రాము `eigh`తో సరిగ్గా నడిచి, `eig`తో ఏ మూడో తీరునో తెచ్చి ఇవ్వగలదు. కాబట్టి `eig` వాడితే మనమే పేర్చుకోవాలి, విలువలనూ సదిశలనూ కలిపి.

```python
i = np.argsort(w)
w, V = w[i], V[:, i]
```

ఇక్కడ `V[i]` అని రాస్తే తీర్లు మారవు, స్లాబులు మారతాయి. కింది స్లాబు పైకి, పైది కిందికి. `np.sort(w)` అని విలువలను మాత్రమే పేర్చి V ను అలాగే వదిలేయడం ఇంకా ఎక్కువగా కనిపించే తప్పు. ఎవరి వేగం ఎవరి ఆకారానికో ఇక చెప్పలేం.

రెండు ఫంక్షన్ల వెనకా పనిచేసేది లాపాక్ అనే పాత, గట్టి లెక్కల గ్రంథాలయమే. `eig` అందులోని సాధారణ మాత్రికల పద్ధతిని పిలుస్తుంది. `eigh` సౌష్ఠవాన్ని నమ్ముకున్న పద్ధతిని పిలుస్తుంది. సగం మాత్రిక చూస్తే చాలు కాబట్టి పెద్ద మాత్రికల మీద ఇది బాగా వేగం. అయితే నన్నడిగితే వేగం చిన్న లాభం. అసలు లాభం ఇచ్చే జవాబు నాణ్యత: వాస్తవ సంఖ్యలే వస్తాయి, వరుసలో వస్తాయి, సదిశలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. మాత్రిక సౌష్ఠవమైనదని తెలిసీ `eig` వాడటానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు.

అలాగని కళ్లు మూసుకుని `eigh` వాడితే ఏమవుతుందో చూడటానికి ఇంట్లో బరువు మారుద్దాం. కింది స్లాబు మీద 50 కిలోల బియ్యం బస్తాలు 400 పేర్చారు. అదనంగా మరో 20 టన్నులు. ఇప్పుడు కింది స్లాబు బరువు రెట్టింపు. బరువుల మాత్రిక M కర్ణం మీద 2, 1, 1 ఉంటాయి. సమీకరణం కూడా మారుతుంది. కుడివైపు ఇప్పుడు బరువు కూడా వచ్చి చేరుతుంది: `K v = λ M v`. చాలామంది చేసేది, M ను ఇటు వైపుకు తెచ్చి K ను దానితో భాగించడం.

```python
M = np.diag([2., 1., 1.])
A = np.linalg.inv(M) @ K
```

A ఇలా ఉంటుంది.

```
[[ 1.  -0.5  0. ]
 [-1.   2.  -1. ]
 [ 0.  -1.   1. ]]
```

ఎడమ పై మూలలో చూడండి. ఒక పక్క −0.5, దాని జోడీ −1. సౌష్ఠవం పోయింది. భౌతికంగా ఏమీ చెడలేదు. లాగుళ్లు ఇప్పటికీ సమానమే, K ఇప్పటికీ సౌష్ఠవమే. మనం ఒక వరుసను 2తో భాగించినందువల్ల మాత్రికకు వచ్చిన లోపమిది.

ఈ A ను `np.linalg.eigh`కు ఇచ్చామనుకోండి. దానికి మాటిచ్చాం కాబట్టి అది కర్ణమూ దాని కింది భాగమూ మాత్రమే చదువుతుంది. పైనున్న −0.5ను అసలు చూడదు. దాని లెక్కలో మాత్రిక పై వరుస 1, −1, 0. వచ్చే విలువలు 0, 1, 3.

ఇందులో కొట్టొచ్చినట్టున్నది సున్న. కోణీయ వేగం సున్న అంటే ఆ ఊపు ఎప్పటికీ వెనక్కి రాదు. ఇల్లు నేలకు కట్టి లేదు, తేలిపోతోంది. చిత్రమేమిటంటే ఇది అర్థం లేని జవాబు కాదు. నేలతో ఏ బంధమూ లేకుండా, సమాన బరువులతో గాలిలో నిలబడిన మూడు స్లాబులకు సరిగ్గా సరిపోయే జవాబు. మన ఇల్లు అది కాదు, అంతే. కంప్యూటర్ గుండ్రింపుల వల్ల ఆ సున్న తెర మీద పదహారో దశాంశంలో ఏదో చిన్న అంకెగా, ఒక్కోసారి ఋణాత్మకంగా కనిపించవచ్చు. దానికి వర్గమూలం అడిగితే `nan` వస్తుంది. నిజమైన ఇంటి లెక్కలో సున్నో `nan`నో కనిపించిందంటే స్తంభాలను అనుమానించే ముందు మాత్రికను చూడాలి.

సరైన విలువలు చేత్తో కూడా తీయవచ్చు. ఈ మాత్రికకు సమీకరణం చక్కగా విడిపోతుంది: (1 − λ)(2λ² − 6λ + 1) = 0. కాబట్టి 0.177, 1, 2.823. తప్పు జవాబులో కూడా నడిమి విలువ 1 ఉందని గమనించారా? మూడింట ఒకటి కలిసిందని ఊరట పడితే మోసపోయినట్టే. ఒక్క విలువను చేత్తో సరిచూసుకుని మిగతావాటిని నమ్మేవాళ్లకు ఈ ఇల్లు మంచి పరీక్ష.

ఇలాంటి తప్పును ముందే పట్టడానికి ఒక్క లైను చాలు: `np.allclose(A, A.T)`. ఇంకో దారి, `eigh`ను `UPLO='U'` అని పిలవడం. అప్పుడది కింది భాగం వదిలి పై భాగం చదువుతుంది. మన A కు అలా పిలిస్తే 0.275, 1, 2.725 వస్తాయి. పైనుంచి చదివితే ఒక జవాబు, కిందినుంచి చదివితే ఇంకో జవాబు. రెండూ తప్పే. సౌష్ఠవ మాత్రికకు ఈ రెండూ కలవాలి.

ఒక జాగ్రత్త. సౌష్ఠవం పద్నాలుగో పదిహేనో దశాంశంలో తప్పడం వేరు, ఇలా మూలమట్టంగా తప్పడం వేరు. పెద్ద లెక్కల చివర తయారైన మాత్రికలో జోడీ అంకెలు గుండ్రింపుల వల్ల వెంట్రుకవాసి తేడాతో రావడం మామూలే. అప్పుడు `(A + A.T) / 2` అని సరిచేసి `eigh`కు ఇవ్వడం సబబు. మన A కు అదే వైద్యం చేస్తే మాత్రం −0.5కూ −1కీ నడుమ −0.75 పెట్టి మూడో తప్పు ఇంటిని కట్టినట్టవుతుంది. అందుకే ముందు `allclose`, ఆ తర్వాతే సరిచేయడం.

మరి బస్తాల ఇంటికి ఏం చేయాలి? A ను `np.linalg.eig`కు ఇస్తే సరైన విలువలే వస్తాయి, పేర్చుకుంటే చాలు. అంతకన్నా మంచి దారి సైపైలో ఉంది. అక్కడి `eigh` రెండు మాత్రికలను తీసుకుంటుంది. నంపైలోనిది ఒక్కదాన్నే తీసుకుంటుంది.

```python
from scipy.linalg import eigh
w, V = eigh(K, M)
```

భాగించే పనే లేదు. K సౌష్ఠవంగా, M సౌష్ఠవంగా అలాగే ఉండిపోతాయి. విలువలు వాస్తవ సంఖ్యలుగా, చిన్నదాని నుంచి పెద్దదానికి వస్తాయి. ఒక్క షరతుంది. M ధన నిశ్చితంగా ఉండాలి, అంటే ఏ స్లాబుకూ బరువు సున్న ఉండకూడదు. లెక్క సులువవుతుందని ఒక అంతస్తుకు బరువు వేయకుండా వదిలేస్తే ఈ ఫంక్షన్ `LinAlgError` అంటూ ఆగిపోతుంది. తప్పు చెప్పి ఆగిపోయే ఫంక్షన్, తప్పు జవాబిచ్చే ఫంక్షన్ కన్నా ఎంతో మేలు.

ఇప్పుడు మొదటి నిలువు వరుసను రెండు దారుల్లోనూ చూద్దాం. `eig` దారిలో 0.360, 0.593, 0.720. సైపై `eigh` దారిలో 0.339, 0.558, 0.678. ఏది సరి? రెండూ. ఐగెన్ సదిశకు దిక్కే ఉంటుంది, సొంత పొడవంటూ ఉండదు. `eig` వర్గాల మొత్తం 1 అయ్యేలా పొడవు సరిచేస్తుంది. సైపై `eigh` బరువుతో తూచిన వర్గాల మొత్తం 1 అయ్యేలా సరిచేస్తుంది. పోల్చాలంటే పై స్లాబు కదలికతో భాగించండి. `V / V[-1]` అంటే చాలు, ప్రతి నిలువు వరుసా తన చివరి అంకెతో భాగింపబడుతుంది. రెండు దారుల్లోనూ 0.5, 0.823, 1 వస్తుంది. గుర్తుల గొడవ కూడా దీంతో పోతుంది. పై స్లాబు కదలని తీరు ఏదైనా ఉంటే మాత్రం సున్నతో భాగించినట్టవుతుంది, చూసుకోవాలి.

రెండో తీరు ఆకారం 1, 0, −1. నడిమి స్లాబు నిలబడి ఉంటే కిందిదీ పైదీ ఎదురెదురు దిక్కుల్లో ఊగుతున్నాయి. మొదటి తీరుతో దీన్ని మామూలుగా హెచ్చించి కూడితే 0.5 − 1, అంటే −0.5. లంబంగా లేవు. ఇది చూసి లెక్క చెడిందని కంగారు పడక్కర్లేదు. బరువు వేసి కూడితే 2×0.5 − 1, అంటే సున్న. బరువులు వేరైనప్పుడు లంబాన్ని బరువుతోనే కొలవాలి. `V.T @ V` కాక `V.T @ M @ V` చూడాలి.

అయితే `eig`కు అసలు పనే లేదా అంటే ఉంది, అదీ ఈ ఇంట్లోనే. ఊపు క్రమంగా అణగడానికి కారణమైన రాపిడిని లెక్కలోకి తెస్తే, మామూలుగా స్థానాలనూ వేగాలనూ కలిపి 6×6 మాత్రిక రాస్తారు. అది పుట్టుకతోనే సౌష్ఠవం లేనిది. దాని ఐగెన్ విలువలు సంకీర్ణ సంఖ్యల జంటలుగా వస్తాయి. వాస్తవ భాగం ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెబుతుంది, కల్పిత భాగం ఎంత వేగంగా ఊగుతుందో చెబుతుంది. ఇక్కడ `eig` తప్ప దారి లేదు. తెర మీద `j` కనిపించగానే విసుగొచ్చి `.real` అని తగిలించే అలవాటు ఉన్నవాళ్లు ఈ లెక్కలో ఊపునే పారేస్తారు. సౌష్ఠవ మాత్రిక దగ్గర చివరి దశాంశాల్లో కనిపించే `j` చెత్త. ఇక్కడి `j` అసలు జవాబు. రెండింటినీ ఒకే చీపురుతో ఊడవకూడదు.

విలువలు సమానమైనప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. ప్లాను నాలుగు వైపులా ఒకేలా ఉన్న చదరపు భవనం తూర్పు పడమరలుగా ఊగే వేగం, ఉత్తర దక్షిణాలుగా ఊగే వేగం ఒకటే. అప్పుడు ఈశాన్యం వైపు ఊగడం కూడా అదే వేగం. ఏ దిక్కైనా సరే. ఫంక్షన్ వాటిలో ఏ రెండు దిక్కులను ఎంచి ఇస్తుందో చెప్పలేం. `eigh` కనీసం లంబంగా ఉన్న రెండింటిని ఇస్తుంది. `eig` ఆ పూచీ తీసుకోదు. ఇలాంటి చోట ఒక్కో నిలువు వరుసను విడిగా చదివి ‘ఇదీ తూర్పు ఊపు’ అని పేరు పెట్టడం వ్యర్థం. రెండు వరుసలూ కలిసి ఏర్పరిచే తలమే అసలు జవాబు.

చివరిగా, బస్తాల ఇంటి లెక్క ఎక్కడికి చేరుతుందో చూద్దాం. భూకంపాలకు తట్టుకునే నిర్మాణాల మీద మన దేశపు ప్రమాణం ఐఎస్ 1893. ఎన్ని తీర్లు లెక్కలోకి తీసుకోవాలన్నదానికి అది ఒక గీత గీసింది: తీసుకున్న తీర్లలో కదిలే బరువు మొత్తం బరువులో కనీసం 90 శాతం ఉండాలి. సైపై ఇచ్చిన V తో ఇది రెండు లైన్ల పని.

```python
m = np.diag(M)
share = (V.T @ m)**2 / m.sum()
```

`V.T @ m`లోని `.T` ప్రతి నిలువు వరుసనూ బరువులతో తూచి కూడుతుంది. మన ఇంటికి వచ్చేవి 0.915, 0.083, 0.002. కూడితే 1. మొదటి తీరు ఒక్కటే 91.5 శాతం మోస్తోంది కాబట్టి 90 శాతం గీత దాటింది. ఆ `.T` మరిచిపోతే కూడిక 1కి రాదు. మనం పైన చూసిన గుర్తులతో అయితే దాదాపు 0.95 వస్తుంది, మొదటి తీరు వాటా 55 శాతానికి పడిపోతుంది, ఇంజినీరు లేని తీర్ల కోసం వెతకడం మొదలుపెడతాడు.